ఎన్‌సీఎల్‌టీలో కేసు లేదన్న కాగితం: ఒక సాల్వెంట్ కంపెనీపై వ్యాజ్యాల తనిఖీ

2024 మార్చిలో, యాసంగి కోతలు మొదలు కావడానికి ముందు, మిర్యాలగూడకు చెందిన ముగ్గురు రైస్ మిల్లర్లు ఒక పర్చేజ్ ఆర్డర్ నమూనా తీసుకొని మా ఆఫీసుకు వచ్చారు. తవుడు నుంచి నూనె తీసే ఒక సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ కంపెనీ ముగ్గురి దగ్గరా కలిపి రోజుకు ఒక లారీ తవుడు కొంటానని, సొమ్ము నెల రోజుల గడువుతో చెల్లిస్తానని ప్రతిపాదించింది. లారీకి సుమారు 4 లక్షల రూపాయల లెక్కన చూస్తే, ఏ రోజున చూసినా కోటి రూపాయల పైచిలుకు సొమ్ము కంపెనీ దగ్గర నిలిచి ఉంటుంది. ఆర్డర్‌కు ఒప్పుకోవడానికి ముందు కంపెనీపై కోర్టు కేసులు, దివాలా పిటిషన్లు ఏమైనా ఉన్నాయేమో చూసి చెప్పమన్నది వారు నాకు అప్పగించిన పని. కంపెనీ పేరు, గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు ఇక్కడ వదిలేశాను. మిగిలిన క్రమం జరిగింది జరిగినట్టే ఉంది.

వచ్చినవారిలో పెద్దాయనకు అప్పటికే కొంత ధీమా ఉంది. "ఎన్‌సీఎల్‌టీల కేసేం లేదని వాళ్ల మేనేజరు కాయితం గూడ ఇచ్చిండు సార్, ఒక్కసారి మీరు చూస్తే అయిపోతది" అన్నారు. ఆ కాగితం కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉంది. "ఈ తేదీ నాటికి నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్‌లో మా కంపెనీపై ఎటువంటి దివాలా పిటిషన్ పెండింగులో లేదు" అని అందులో రాసి ఉంది. తనిఖీ పూర్తయ్యేసరికి ఆ వాక్యంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదని తేలింది. అయినా మిల్లర్లకు కావలసిన సమాచారం అందులో లేదు. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీ గురించే ఈ కేస్ స్టడీ.

ముందు కంపెనీ ఎవరో తేల్చుకోవడం

కంపెనీల చట్టం ప్రకారం ప్రతి కంపెనీ తన లెటర్‌హెడ్ మీద, బిల్లుల మీద సీఐఎన్ అనే 21 అక్షరాల గుర్తింపు సంఖ్యను ముద్రించాలి. పేరుతో వెతకడానికి ముందు ఆ సంఖ్యతో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ అయిన ఎంసీఏ పోర్టల్‌లో కంపెనీ మాస్టర్ డేటా తీయడం నా అలవాటు. పేరు మారుతుంది, చిరునామా మారుతుంది, డైరెక్టర్లు మారతారు. సీఐఎన్ చివరనున్న ఆరంకెల రిజిస్ట్రేషన్ సంఖ్య మాత్రం రిజిస్ట్రార్ పరిధి మారనంతవరకు స్థిరంగా ఉంటుంది. రాష్ట్ర విభజన తరువాత హైదరాబాద్ కంపెనీల సీఐఎన్‌లో AP అని ఉన్నచోట TG వచ్చినప్పుడు కూడా చివరి ఆరంకెలు మారలేదు.

మాస్టర్ డేటాలో స్థితి దగ్గర Active అని కనిపించింది. ఈ మాటను చాలామంది ఆరోగ్య ధ్రువపత్రంలా చదువుతారు. రిజిస్టర్ నుంచి కొట్టివేయలేదనీ, దివాలా ప్రక్రియ మొదలు కాలేదనీ తప్ప దానికి వేరే అర్థం లేదు. ఎన్‌సీఎల్‌టీ పిటిషన్‌ను అడ్మిట్ చేసిన తరువాతనే స్థితి Under CIRP అని మారుతుంది. పిటిషన్ దాఖలై, నోటీసులు వెళ్లి, వాదనలు నడుస్తున్న నెలలన్నిటిలోనూ అక్కడ Active అనే ఉంటుంది.

వంద రూపాయల రుసుము కట్టి పబ్లిక్ డాక్యుమెంట్లు తెరిచినప్పుడు పనికొచ్చే విషయం దొరికింది. కంపెనీ 2009లో వేరే పేరుతో పుట్టింది. 2021లో పేరు మార్చుకుంది. అదే ఏడాది పాత డైరెక్టర్లు ఇద్దరూ తప్పుకొని, కొత్తవారు ముగ్గురు వచ్చారు. ఛార్జీల పట్టికలో పాత బ్యాంకు తాకట్టు 2022లో తీరిపోయినట్టు ఉంది. ఆ వెంటనే ఒక బ్యాంకేతర ఫైనాన్స్ సంస్థ పేరిట ప్లాంటు, నిల్వలు, రావలసిన బాకీలు అన్నిటిపైనా కొత్త తాకట్టు నమోదైంది. కాబట్టి వెతకవలసిన పేర్లు రెండయ్యాయి, చూడవలసిన యాజమాన్యాలు కూడా రెండయ్యాయి. కొత్త పేరుతో మాత్రమే వెతికేవారికి 2021కి ముందు ఈ కంపెనీకి చరిత్రే ఉండదు.

ఎన్‌సీఎల్‌టీలో దొరికినవి రెండు

తెలంగాణ కంపెనీల దివాలా పిటిషన్లు ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచ్ ముందుకు వస్తాయి. nclt.gov.in లో బెంచ్ ఎంచుకొని, పార్టీ పేరుతో, ఏడాదివారీగా వెతకవచ్చు. కేసు నంబరులోనే కొంత సమాచారం ఉంటుంది. CP(IB) అన్న అక్షరాలు, సంఖ్య, ఆ తరువాత 7 లేదా 9 లేదా 10, ఆపైన HDB, చివర సంవత్సరం వస్తాయి. మధ్యలో ఉన్నది ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్టసీ కోడ్‌లోని సెక్షన్ సంఖ్య. అప్పిచ్చిన బ్యాంకులూ ఫైనాన్స్ సంస్థలూ సెక్షన్ 7 కింద వస్తాయి, సరుకో సేవో అందించి డబ్బు రానివారు సెక్షన్ 9 కింద వస్తారు, కంపెనీ తనంతట తాను వస్తే అది సెక్షన్ 10.

పాత పేరు మీద 2019 నాటి సెక్షన్ 9 పిటిషన్ ఒకటి దొరికింది. నూనె తీయడానికి వాడే హెక్సేన్ ద్రావకం సరఫరా చేసిన వ్యాపారి వేసినది. నాలుగు వాయిదాల తరువాత, అడ్మిషన్‌కు ముందే, ఇరుపక్షాలూ రాజీపడ్డాయని చెప్పి ఉపసంహరించుకున్నారు. ఇటువంటి పిటిషన్ నన్ను పెద్దగా కలవరపెట్టదు. అప్పట్లో లక్ష రూపాయల బాకీకి కూడా ఎన్‌సీఎల్‌టీకి వెళ్లే వీలుండేది కనుక, బాకీ వసూలు కోసం పిటిషన్ వేసి ఒత్తిడి తేవడం మామూలే.

రెండవది కొత్త పేరు మీద ఉంది. 2022 ఏప్రిల్‌లో రాయచూరు వైపు నుంచి తవుడు సరఫరా చేసిన వ్యాపారి వేసిన సెక్షన్ 9 పిటిషన్ అది. 2023 జనవరిలో కొట్టివేశారు. పోర్టల్‌లో స్థితి Disposed అని ఉంటుంది. మేనేజరు కాగితంలో "పెండింగులో లేదు" అన్న మాట నిలబడింది ఈ రెండు పిటిషన్లూ ముగిసిపోయినందువల్లనే. అయితే ముగిసింది అంటే ఎలా ముగిసిందో ఆర్డర్ చదివితే గాని తెలియదు. అందుకని ఆ ఆర్డర్ పీడీఎఫ్‌ను మిల్లర్ల ముందే తెరిచి తేదీల వరుసగా చదివాను.

2021 జూన్ నుంచి సెప్టెంబర్ వరకు వ్యాపారి తవుడు పంపాడు. ఇన్‌వాయిస్‌ల మొత్తం 1 కోటి 40 లక్షలు. గడువు నెల రోజులు. అక్టోబర్‌లో కంపెనీ 18 లక్షలు చెల్లించి, నిధులు సర్దుబాటు కాగానే మిగిలినది చూస్తామని ఈ-మెయిల్ పెట్టింది. అప్పటికి సరుకు నాణ్యత గురించి ఒక్క మాట కూడా లేదు. 2022 జనవరిలో ఒకే తేదీతో పదకొండు డెబిట్ నోట్లు వచ్చాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వచ్చిన లోడ్లలో నూనె చెడినకొద్దీ పెరిగే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ల మోతాదు, అంటే ఎఫ్‌ఎఫ్‌ఏ, ఒప్పుకున్న శాతాన్ని మించిందని, అందువల్ల నూనె శుద్ధిలో నష్టం వచ్చిందని, ఆ నష్టం బిల్లుల్లో తగ్గించుకుంటున్నామని వాటి సారాంశం. ఆధారంగా చూపినవి కంపెనీ సొంత ల్యాబ్ రిపోర్టులు. ఫిబ్రవరిలో వ్యాపారి సెక్షన్ 8 డిమాండ్ నోటీసు ఇచ్చాడు. పది రోజుల లోపు కంపెనీ జవాబిస్తూ, నోటీసుకు ముందు నుంచే వివాదం ఉందని డెబిట్ నోట్లు జతచేసింది.

అక్కడితో పిటిషన్ దారి మూసుకుపోయింది. సుప్రీంకోర్టు 2017లో మోబిలాక్స్ ఇన్నోవేషన్స్ కేసులో చెప్పినదాని ప్రకారం, డిమాండ్ నోటీసుకు ముందే వివాదం ఉంటే, అది కేవలం కల్పితమో ఊహాజనితమో కాకుండా విచారణ అవసరమైన వాదనగా కనిపిస్తే చాలు, ట్రిబ్యునల్ సెక్షన్ 9 పిటిషన్‌ను తిరస్కరించాలి. ఆ వివాదంలో గెలుపెవరిదో ట్రిబ్యునల్ చూడదు. ఈ ఆర్డర్‌లోనూ తవుడు బాగా లేదని గాని, బాకీ లేదని గాని ఎక్కడా రాయలేదు. సాక్ష్యాధారాలతో తేల్చవలసిన విషయం కనుక పిటిషనర్ తగిన కోర్టుకు వెళ్లవచ్చని మాత్రమే రాశారు.

తవుడు వ్యాపారంలో ఈ రక్షణ ఎంత సులభంగా దొరుకుతుందో మిల్లర్లకు నేను చెప్పనక్కరలేదు. మిల్లు నుంచి బయటికి వచ్చిన గంటల్లోనే తవుడులోని ఎంజైము నూనెను విడగొట్టి ఎఫ్‌ఎఫ్‌ఏను పెంచడం మొదలుపెడుతుంది. లోడు చేసిన నాడు ఎంత ఉందో, ప్లాంటులో రెండు రోజులు నిలిచాక ఎంత ఉందో వేరు చేసి చెప్పే కాగితం సరఫరాదారు దగ్గర లేకపోతే, ల్యాబ్ రిపోర్టు ఎవరి చేతిలో ఉంటే మాట వారిదే. ఆర్డర్ పూర్తిగా విన్న తరువాత పెద్దాయన అన్నది ఒక్కటే: "అయితే మన తవుడు గూడ ఆర్నెల్లకు పాడైతదన్నట్టు."

ఎన్‌సీఎల్‌టీ ఖాళీగా ఉండటానికి గల కారణాలు

2023 తరువాత ఈ కంపెనీపై హైదరాబాద్ బెంచ్‌లో మరో పిటిషన్ లేదు. ఇది మంచి సూచనేనా అని మిల్లర్లు అడిగారు. కాకపోవచ్చని చెప్పడానికి చట్టంలోనే రెండు కారణాలున్నాయి.

మొదటిది, 2020 మార్చి 24న కేంద్రం కనీస బాకీ పరిమితిని లక్ష నుంచి కోటి రూపాయలకు పెంచింది. ఒక్కో మిల్లరుకు రావలసింది 35 లక్షలో 40 లక్షలో అయితే ఎవరూ సెక్షన్ 9 గడప తొక్కలేరు. ముగ్గురూ కలిసి ఒకే పిటిషన్ వేద్దామన్నా కుదరదు. ఫైనాన్షియల్ క్రెడిటర్లకు కలిసి వేసే వెసులుబాటు సెక్షన్ 7లో ఉంది. సరుకు సరఫరాదారులకు మాత్రం సెక్షన్ 8 నోటీసు, సెక్షన్ 9 పిటిషన్ ఎవరికి వారివేనని అప్పీలు ట్రిబ్యునల్ అయిన ఎన్‌సీఎల్‌ఏటీ 2017లోనే ఉత్తమ్ గాల్వా స్టీల్స్ కేసులో తేల్చింది. అంటే నా క్లయింట్ల వంటి సరఫరాదారులు పదిమందికి బాకీపడినా ఆ కంపెనీ ఎన్‌సీఎల్‌టీ రికార్డులో తెల్లకాగితంలా కనిపించవచ్చు.

రెండవది కరోనా కాలానిది. 2020 మార్చి 25 నుంచి ఏడాది పాటు జరిగిన ఎగవేతలపై సెక్షన్ 10ఏ ప్రకారం ఎప్పటికీ పిటిషన్ వేయలేరు. కాబట్టి ఏ కంపెనీకైనా ఆ కాలానికి ఎన్‌సీఎల్‌టీ రికార్డు ఖాళీగా ఉండటంలో విశేషం లేదు.

వీటికి తోడు, డిమాండ్ నోటీసులు ఏ పోర్టల్‌లోనూ కనిపించవు. దాఖలై స్క్రూటినీలో లోపాల సవరణ కోసం ఆగిన పిటిషన్లు పేరుతో వెతికినా చాలాసార్లు బయటపడవు. అందువల్ల కోటికి లోపు బాకీల కథ తెలుసుకోవాలంటే జిల్లా కోర్టులకు రావలసిందే.

చెక్కు కేసులు ఎక్కడ వెతకాలి

కంపెనీ హైదరాబాద్‌లో ఉంది కనుక హైదరాబాద్ కోర్టుల్లో వెతికితే సరిపోతుందనుకోవడం ఈ పనిలో నేను తరచుగా చూసే పొరపాటు. చెక్కు బౌన్స్ కేసుకు ఆ లెక్క వర్తించదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టానికి 2015లో చేసిన సవరణ తరువాత, చెక్కు తీసుకున్నవారు దాన్ని తమ ఖాతాలో జమ చేస్తే, ఆ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడే సెక్షన్ 138 ఫిర్యాదు వేయాలి. కంపెనీ చెక్కులు ఎక్కడెక్కడ బౌన్సయ్యాయో తెలియాలంటే కంపెనీ ఎక్కడుందన్నది కాకుండా, దానికి సరుకు పంపినవాళ్లు ఎక్కడున్నారన్నది చూడాలి.

తవుడు ఎక్కడి నుంచి వస్తుందో మిల్లర్లకు నోటికి తెలుసు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, అటు వనపర్తి, గద్వాల, రాష్ట్ర సరిహద్దు దాటితే రాయచూరు, సింధనూరు. ఆ జాబితానే నా వెతుకులాట పటంగా పెట్టుకున్నాను. services.ecourts.gov.in లో రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్సు ఎంచుకొని, పార్టీ పేరు, నమోదైన సంవత్సరం ఇచ్చి వెతకాలి. దేశమంతటికీ కలిపి ఒకే పేరుతో వెతికే సౌకర్యం అందులో లేదు. ప్రతి కాంప్లెక్సుకూ, ప్రతి ఏడాదికీ విడివిడిగా చూడాలి, అదీ రెండు పేర్లతో. Pending ఒక్కటే ఎంచుకుంటే రాజీ అయినవి, కొట్టివేసినవి కనిపించవు కనుక Both ఎంచుకోవాలి.

పేరు ఎలా టైపు చేశారన్నది అసలు చిక్కు. ఫైలింగ్ కౌంటర్‌లో ఒకరు Sri అని కొడితే మరొకరు Sree అని, ఇంకొకరు Shri అని కొడతారు. కొన్నిచోట్ల ముందు M/s ఉంటుంది. పేరు మొత్తం ఇవ్వకుండా అందులో మరే కంపెనీకీ లేని ఒక్క మాటను మాత్రమే ఇచ్చి వెతికితే ఈ తేడాల బెడద తగ్గుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. చెక్కు కేసుల్లో కంపెనీతో పాటు డైరెక్టర్లనూ నిందితులుగా చేరుస్తారు. కొన్ని రికార్డుల్లో పార్టీ పేరు దగ్గర మొదటి నిందితుడిగా డైరెక్టర్ పేరే కనిపిస్తుంది. అందువల్ల ఎంసీఏ నుంచి తీసిన ఐదుగురు డైరెక్టర్ల పేర్లతోనూ వెతికాను. డైరెక్టర్ల పేర్లతో వెతికినప్పుడు వేరే మనుషుల కేసులు కుప్పలుగా వస్తాయి. ఆర్డర్‌లోని చిరునామా, హోదా సరిపోల్చనిదే ఒక్కటి కూడా లెక్కలోకి తీసుకోకూడదు. కరీంనగర్‌లో దొరికిన ఒక కేసు ఇలాగే దాదాపు అదే పేరున్న వేరే కంపెనీదని చిరునామాతో తేలింది.

జిల్లాల విభజన మరో మెలిక పెట్టింది. 2016లో నల్గొండ మూడు జిల్లాలైనా కోర్టుల పరంగా కొత్త జ్యుడీషియల్ జిల్లాలు 2022 జూన్ 2న గాని రాలేదు. 2018లో నల్గొండ జిల్లా కింద నమోదైన సూర్యాపేట, హుజూర్‌నగర్ కేసులు ఇప్పుడు సూర్యాపేట జిల్లా కింద ఉంటాయి. పాత నంబరు పట్టుకొని నల్గొండ కింద వెతికితే దొరకకపోవచ్చు. పాలమూరు వైపు కూడా ఇదే పరిస్థితి.

దొరికినవి వరుసలో పెట్టినప్పుడు

మొత్తం ఐదు చెక్కు కేసులు తేలాయి. మిర్యాలగూడలో రెండు, వనపర్తిలో ఒకటి పాత పేరు మీద ఉన్నాయి. మూడూ 2018, 2019 సంవత్సరాలవి, మూడూ లోక్ అదాలత్‌లో రాజీతో ముగిశాయి. రాయచూరు జిల్లాలో రెండు కొత్త పేరు మీద ఉన్నాయి. రెండూ 2022 మొదట్లో నమోదై ఇంకా సమన్ల దశలోనే ఉన్నాయి. ఒకదానిలో డైరెక్టర్‌పై నాన్‌బెయిలబుల్ వారెంటు కూడా జారీ అయింది. కేసు చరిత్రలో ఒకే దశ వాయిదా తరువాత వాయిదాగా పునరావృతమవుతుంటే, నిందితుడు కోర్టుకు అందకుండా తప్పుకుంటున్నాడని చాలావరకు అర్థం.

2022 తరువాత కొత్త చెక్కు కేసు ఒక్కటీ లేదు. దీన్ని బాగుపడటంగా చదవవచ్చా? మిల్లర్లు తెచ్చిన పర్చేజ్ ఆర్డర్ నమూనాలోనే దానికి జవాబుంది. చెల్లింపులు ఆన్‌లైన్ ద్వారా మాత్రమేననీ, ముందస్తు తేదీ చెక్కులు ఇవ్వబడవనీ అందులో ఒక నిబంధన ఉంది. చెక్కే ఇవ్వకపోతే బౌన్స్ కేసు వచ్చే దారే లేదు. ఆ స్థితిలో సరఫరాదారుకు మిగిలేది సివిల్ దావా. దావాకు క్లెయిము మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. 3 లక్షలు, ఆ పైన ఉన్న వ్యాపార వివాదమైతే కమర్షియల్ కోర్టు పరిధిలోకి వస్తుంది, అత్యవసర ఉత్తర్వులు కోరితే తప్ప దానికి ముందు మీడియేషన్ తప్పనిసరి. ఆ మీడియేషన్ ఈ-కోర్ట్స్‌లో కనిపించదు. పర్చేజ్ ఆర్డర్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు కూడా ఉంది, ఆర్బిట్రేషన్ జరిగినా బయటికి తెలియదు. ఇలా చూస్తే, 2022 తరువాత కంపెనీ వివాదాలు తగ్గాయని చెప్పడానికి ఆధారం లేదు, అవి కనిపించని చోట్లకు తరలే ఏర్పాటు జరిగిందని చెప్పడానికి ఆధారం ఉంది.

ఈ తనిఖీ మొత్తంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఒక చిన్న దావా. సూర్యాపేటలో ఒక రవాణా కాంట్రాక్టరు 2 లక్షల 60 వేల కిరాయి బాకీ కోసం వేసిన ఓఎస్ అది. నోటీసు అందినా కంపెనీ తరఫున ఎవరూ హాజరు కాలేదు. 2023లో ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. డబ్బు కట్టకపోవడంతో అతడు డిక్రీ అమలు కోసం ఈపీ వేసి కంపెనీ బ్యాంకు ఖాతా అటాచ్‌మెంటు కోరాడు, మా తనిఖీ నాటికి అది నడుస్తోంది. కోటి 22 లక్షల బాకీని నాణ్యత పేరుతో ఎదుర్కోవడం వ్యాపార ఎత్తుగడ అనుకోవచ్చు. ఎవరూ కాదనని లారీ కిరాయికి డిక్రీ అయ్యాక కూడా రెండున్నర లక్షలు కట్టలేదంటే చేతిలో డబ్బు ఆడటం లేదని గాని, కట్టే ఉద్దేశం లేదని గాని అనుకోవాలి. సరఫరాదారుకు రెండూ ఒకటే.

బ్యాంకు రుణాల వసూలు కేసులు చూసే ట్రిబ్యునల్ డీఆర్‌టీ వెబ్‌సైటులో రెండు పేర్లతోనూ ఏమీ దొరకలేదు. హైకోర్టులో రాయచూరు కేసులకు సంబంధించినది ఏదైనా ఉంటే అది కర్ణాటకలో ఉంటుంది కనుక hcservices.ecourts.gov.in లో కలబురగి బెంచ్ కూడా చూశాను, లేదు. ఈ రెండింటి గురించి చెప్పవలసింది ఇంతే.

బ్యాలెన్స్ షీటుతో సరిచూడటం

కేసుల జాబితా చేతికి వచ్చాక, కంపెనీ తన గురించి తాను ఏం చెప్పుకుందో చూడాలి. 2021-22 వార్షిక లెక్కలు ఎంసీఏలో ఉన్నాయి. ఆడిటర్ నివేదికకు జతచేసే కారో అనుబంధంలో వివాదంలో ఉన్న పన్ను బాకీలు ఎంత, ఏ అధికారి ముందు ఉన్నాయో రాయాలి. జీఎస్టీ అప్పీలు ఒకటి అక్కడ సక్రమంగానే చూపారు. కాని ముందుముందు బాకీగా మారే అవకాశం ఉన్నవాటిని చూపే కంటింజెంట్ లయబిలిటీల నోట్‌లో "లేవు" అని ఉంది. 2022 మార్చి 31 నాటి లెక్కల మీద సంతకాలు పడింది సెప్టెంబర్‌లో. అప్పటికి 1 కోటి 22 లక్షల కోసం వేసిన ఎన్‌సీఎల్‌టీ పిటిషన్ విచారణలో ఉంది.

ఈ సొమ్ము ఎక్కడికి పోయింది? జనవరిలో పుట్టిన పదకొండు డెబిట్ నోట్లు ఆ వ్యాపారికి చెల్లించవలసిన బాకీని పుస్తకాల్లోనే తగ్గించివేశాయి. బాకీ కాదన్నారు కనుక ట్రేడ్ పేయబుల్స్‌లో లేదు, వివాదం ఉందని ట్రిబ్యునల్‌కు చెప్పినా అప్పుగా మారే అవకాశం ఉన్న వివాదంగా నోట్‌లోనూ లేదు. ట్రిబ్యునల్ ముందు వివాదం, బ్యాలెన్స్ షీటులో ఏమీ లేకపోవడం, ఈ రెండూ ఒకే కాలానికి చెందినవి. కేసులు చూపని బ్యాలెన్స్ షీటు ఆధారంగా అప్పు పరిమితిని నిర్ణయించుకునే సరఫరాదారుకు ఇంతకన్నా ముఖ్యమైన సమాచారం ఉండదు.

క్లయింట్లకు ఇచ్చిన సలహా

నివేదికలో కేసుల సంఖ్యకు నేను ప్రాధాన్యం ఇవ్వలేదు. రెండు పిటిషన్లు, ఐదు చెక్కు కేసులు, ఒక దావా ఈ పరిమాణం ఉన్న కంపెనీకి పెద్ద సంఖ్య కాదు. రాసిందల్లా అవి ముగిసిన తీరు గురించి. 2021కి ముందు వివాదం వస్తే కూర్చొని తేల్చుకున్న కంపెనీ, యాజమాన్యం మారాక సొమ్ము గడువు దాటాక నాణ్యత వివాదం లేవదీస్తోంది, సమన్లకు అందడం లేదు, డిక్రీకి కట్టడం లేదు. పాత పరిచయం మీద, పాత పేరుకున్న పరపతి మీద అరువు ఇవ్వవద్దని స్పష్టంగా చెప్పాను.

వ్యాపారమే వద్దనలేదు. యాసంగిలో తవుడు నిల్వ పెట్టుకోలేని మిల్లరుకు దగ్గరలో ఉన్న ప్లాంటును వదులుకోవడం సులభం కాదు. గడువును నెల నుంచి ఏడు రోజులకు తగ్గించమని, లోడింగ్ సమయంలోనే ఇరుపక్షాల సంతకాలతో మూడు నమూనాలు సీలు చేసి ఒకటి మిల్లులోనే ఉంచుకోవాలని, సరుకు దిగిన 48 గంటల లోపు రాతపూర్వకంగా చెప్పని నాణ్యత అభ్యంతరం చెల్లదన్న వాక్యం పర్చేజ్ ఆర్డర్‌లో చేర్చమని రాశాను. రాయచూరు వ్యాపారి దగ్గర ఈ ఒక్క వాక్యం ఉండి ఉంటే జనవరి డెబిట్ నోట్ల బలం చాలావరకు తగ్గేది. ముగ్గురి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబర్లు ఇన్‌వాయిస్ మీద ముద్రించమని కూడా చెప్పాను. సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదైన సరఫరాదారుకు ఒప్పుకున్న గడువు, ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, దాటిన బాకీపై బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడిగే హక్కు, కోటి పరిమితితో నిమిత్తం లేకుండా ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లే దారి ఎంఎస్‌ఎంఈడీ చట్టంలో ఉన్నాయి.

కంపెనీ ఏడు రోజుల గడువుకు ఒప్పుకుంది. 48 గంటల వాక్యానికి మూడు వారాలు బేరమాడి, 72 గంటలకు ఒప్పుకుంది. ఇద్దరు మిల్లర్లు సరఫరా మొదలుపెట్టారు, మూడో ఆయన తన తవుడును వేరేచోటికి పంపుకున్నారు.

తనిఖీ అక్కడితో ఆగలేదు. సరఫరా నడుస్తున్నంతకాలం వారానికి ఒకసారి హైదరాబాద్ బెంచ్ కాజ్‌లిస్టులో రెండు పేర్లూ చూడమని మా జూనియర్‌కు అప్పగించాను. ఆగస్టులో కొత్త నంబరు కనిపించింది. ఈసారి మధ్యలో ఉన్న అంకె 7. ప్లాంటు, నిల్వలు, బాకీలపై తాకట్టు ఉన్న ఫైనాన్స్ సంస్థే పిటిషనర్. సెక్షన్ 7లో సరుకు నాణ్యత వంటి వివాదాలు అడ్డురావు, అప్పు ఉందా, ఎగవేత జరిగిందా అన్నదే ట్రిబ్యునల్ ప్రధానంగా చూస్తుంది. కనుక రాజీ కాకపోతే అడ్మిట్ అయ్యే అవకాశం ఎక్కువ.

అడ్మిట్ అయితే ఏమవుతుందో ఇద్దరు మిల్లర్లకూ రాసి పంపాను. ఆ రోజు నుంచి మారటోరియం వస్తుంది, కొత్తగా దావా వేయడానికి గాని, సూర్యాపేట ఈపీ వంటివి నడపడానికి గాని వీలుండదు. అప్పటికి నిలిచిన బాకీకి ఫారం బి లో క్లెయిము పెట్టుకోవాలి, తాకట్టు ఉన్న రుణదాత తరువాత ఎంత మిగులుతుందో దాన్ని బట్టి వస్తుంది. క్లెయిము పెట్టకపోతే, రిజల్యూషన్ ప్లాన్ ఆమోదం పొందాక ఆ బాకీ పూర్తిగా రద్దవుతుందని సుప్రీంకోర్టు 2021లో ఘనశ్యామ్ మిశ్రా కేసులో చెప్పింది. అడ్మిషన్ తరువాత ప్లాంటు నడపడానికి రిజల్యూషన్ ప్రొఫెషనల్ కోరగా పంపిన సరుకు సంగతి వేరు. అది ప్రక్రియ ఖర్చు కింద అందరికన్నా ముందు చెల్లింపుకు వస్తుంది. అందువల్ల అడ్మిషన్ తేదీకి ముందు పంపిన లోడు, తరువాత పంపిన లోడు ఒకే లెడ్జరులో కలవకూడదు.

నోటీసు జారీ అయినట్టు ఆర్డర్ వచ్చిన రోజున ఇద్దరికీ కలిపి రావలసింది ఐదు లోడ్ల సొమ్ము. నెల రోజుల గడువుకు ఒప్పుకొని ఉంటే, తమ వాటా ప్రకారం అది ఇరవై లోడ్ల దాకా ఉండేది. ఆ ఐదు లోడ్లలో మూడింటికి మరుసటి వారం డబ్బు వచ్చింది. మిగిలిన రెండింటికి గడువు దాటగానే ఉద్యమ్ నంబరుతో రాతపూర్వక నోటీసు పంపాము, సరఫరాను అడ్వాన్సు చెల్లింపు పద్ధతికి మార్చాము. పిటిషన్ అడ్మిషన్‌పై వాదనలు అక్టోబర్ వాయిదాకు పడ్డాయి.